పాఠం 7: స్క్రిప్టులో చేసిన మార్పును దుకాణదారుకు వివరించే సందేశం

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ప్రకటన స్క్రిప్టులో ఏ మాటను ఎందుకు మార్చవలసి వస్తుందో గుర్తించగలుగుతారు.
• ఆ మార్పును, ఆందోళనలో ఉన్న దుకాణదారుకు మర్యాదగా, స్పష్టంగా రాసి చెప్పగలుగుతారు.
• అవతలి వ్యక్తి జవాబును బట్టి ఆయన నిజంగా ఒప్పుకున్నారా లేదా అన్నది తెలుసుకోగలుగుతారు.

7.1 పరిచయం

గత పాఠంలో ముప్పై సెకన్ల ప్రకటనకు స్క్రిప్టు రాయడం నేర్చుకున్నారు. స్వతంత్రంగా పనిచేసే రచయితకు అక్కడితో పని పూర్తి కాదు. సంస్థలో ఉద్యోగం చేసే రచయితకూ దుకాణదారుకూ మధ్య ఒక అధికారి ఉంటాడు. స్వతంత్ర రచయితకు మధ్యలో ఎవరూ ఉండరు. స్క్రిప్టు ఎందుకు మారిందో ఆయనే చెప్పాలి, అదీ ఎక్కువగా ఫోనులో పంపే ఒక చిన్న సందేశం ద్వారా.

ఆ సందేశం సరిగా లేకపోతే రెండు రకాల నష్టం జరుగుతుంది. దుకాణదారు భయపడి ప్రకటననే మానుకోవచ్చు. లేదా పైకి సరేనని, రికార్డింగు రోజున తీసేసిన మాటను తనే మళ్ళీ చెప్పించవచ్చు. రెండవదే ఎక్కువ ప్రమాదం. అది రచయితకు తెలిసేసరికి ప్రకటన బయటికి వెళ్ళిపోయి ఉంటుంది.

ఈ పాఠంలో ఒకే ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా పరిశీలిద్దాం. దుకాణం, దాని యజమాని, రచయిత మనం ఊహించుకున్నవారు. ఊరు, రుతువు, వేట నిషేధం, నిబంధనలు వాస్తవమైనవి.

7.2 ఉదాహరణ: మైపాడు రోడ్డులోని దుకాణం

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని మైపాడు సముద్రతీరానికి వేసవి సెలవుల్లో సందర్శకులు ఎక్కువగా వస్తారు. ఆ దారిలో ఒక చిన్న దుకాణం ఉందనుకుందాం. చేపల పులుసు, ఎండు నెత్తళ్ళు, చేప పచ్చడి అమ్ముతారు. యజమానికి యాభై ఐదేళ్ళు. ప్రకటన ఇవ్వడం ఇదే మొదటిసారి. ఆటోకు కట్టిన మైకులోనూ, స్థానిక కేబుల్ చానల్‌లోనూ ఏప్రిల్ మొదటి వారం నుంచి మే చివరి దాకా వినిపించేలా ముప్పై సెకన్ల ప్రకటన కావాలన్నారు. ఏడాదిలో ఆయనకు వచ్చే ఆదాయంలో పెద్ద భాగం ఈ రెండు నెలల్లోనే వస్తుంది.

ఆయన చెప్పిన మాటలతో తయారైన మొదటి స్క్రిప్టు ఇది:

"నెల్లూరు జిల్లాలోనే నంబర్ వన్! ఈ రోజే పట్టిన వంజరం, ఈ రోజే మీకు పులుసు! మా చేప తింటే గుండె జబ్బు రాదు, షుగరు దగ్గరికి రాదు! మామిడికాయ పులుసు, ఎండు నెత్తళ్ళు, చేప పచ్చడి. మూడు తరాలుగా మా అమ్మమ్మ చేతి రుచి. ఒక్కసారి తింటే మరచిపోరు! మైపాడు రోడ్డు, రావిచెట్టు ఎదురుగా."

దీన్ని యజమాని ఇంట్లో అందరికీ చదివి వినిపించారు. అందరికీ నచ్చింది. ఆ తరువాత రచయిత ప్రకటన వచ్చే తేదీలను పక్కన పెట్టుకొని ఒక్కొక్క వాక్యాన్నీ పరిశీలించి, రెండవ స్క్రిప్టు తయారు చేశారు:

"మైపాడు సముద్రం చూడడానికి వచ్చారా? తిరిగి వెళ్ళే ముందు మా దగ్గర ఒక్కసారి ఆగండి. రాత్రి కాచి, తెల్లవార్లూ ఊరనిచ్చిన చేపల పులుసు. పుల్లమామిడి ముక్క, మెంతిపొడి, మా అమ్మమ్మ చెప్పిన పాళ్ళు. మూడు తరాలుగా అవే. ఈ రోజు ఏ చేపో దుకాణం ముందు పలక మీద రాసి ఉంటుంది, చూసి అడగండి. ఎండు నెత్తళ్ళు, చేప పచ్చడి కూడా ఉన్నాయి. మైపాడు రోడ్డు, రావిచెట్టు ఎదురుగా."

రెండవది సుమారు యాభై మాటలు. తొందర లేకుండా చదివితే ముప్పై సెకన్లలో సరిపోతుంది. మీరూ గడియారం ముందు పెట్టుకొని పైకి చదివి చూడండి.

7.3 మార్చిన మూడు చోట్లు

సందేశం రాయడానికి ముందు ప్రతి మార్పుకూ కారణం రచయిత మనసులో స్పష్టంగా ఉండాలి. "ఇలా అయితే బాగుంటుంది" అన్నది కారణం కాదు. అది అభిరుచి. అభిరుచి మీద వాదన మొదలైతే డబ్బిచ్చేవారి మాటే నెగ్గుతుంది, అది న్యాయం కూడా. ఇక్కడి మూడు మార్పులకూ అభిరుచితో సంబంధం లేని కారణాలున్నాయి.

మొదటిది, "ఈ రోజే పట్టిన వంజరం". తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు సముద్రంలో చేపల వేట నిషేధం అమలులో ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ ఏర్పాటు. మరబోట్లు, మోటారు బిగించిన పడవలు ఒడ్డునే ఉంటాయి. యంత్రం లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది కాబట్టి సముద్రపు చేప పూర్తిగా కనపడకుండా పోదు. కాని ఆ రోజుల్లో ప్రతి పూటా, అదే రోజు పట్టిన వంజరం దొరుకుతుందని ఏ దుకాణదారూ మాట ఇవ్వలేడు. ప్రకటన వచ్చే కాలంలో ఎక్కువ భాగం నిషేధంలోనే గడుస్తుంది. పైగా నెల్లూరు పులుసుకు పేరు తెచ్చింది ఆ పూట పట్టిన చేప కాదు, రాత్రంతా ఊరడం. వేడివేడిగా కంటే మరునాటికి రుచి పెరుగుతుందని అక్కడి ప్రతి ఇల్లాలికీ తెలుసు. అందుచేత రచయిత నిలబడని మాటను తీసి, ఆ స్థానంలో దుకాణానికి నిజంగా ఉన్న బలాన్ని పెట్టారు.

రెండవది, "గుండె జబ్బు రాదు, షుగరు దగ్గరికి రాదు". ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని కింద 2018లో ప్రకటనలకు సంబంధించిన నిబంధనలు విడిగా వచ్చాయి. ప్రత్యేకంగా అనుమతి ఉంటే తప్ప, ఒక ఆహారం ఫలానా జబ్బును నివారిస్తుందని గానీ నయం చేస్తుందని గానీ ప్రకటించకూడదు. తప్పుదారి పట్టించే ఆహార ప్రకటనకు ఆ చట్టంలోని 53వ సెక్షను ప్రకారం పది లక్షల రూపాయల దాకా జరిమానా ఉండవచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆరోగ్యం గురించిన మాటను జనం తేలికగా తీసుకోరు. 2021 మే నెలలో, కోవిడ్ రెండవ విజృంభణ సమయంలో, ఇదే తీరంలోని కృష్ణపట్నంలో మందు ఇస్తున్నారన్న మాట విని వేలాది మంది తరలివచ్చారు. షుగరు ఉన్న మనిషి మైకులో విన్న మాటను నమ్మి మాత్రలు మానేస్తే జరిగే హాని దుకాణదారు ఊహించినది కాదు, కోరుకున్నదీ కాదు.

మూడవది, "జిల్లాలోనే నంబర్ వన్". ఎవరు లెక్కించారు, దేనిలో నంబర్ వన్ అని ఎవరైనా అడిగితే ఆధారం చూపించాలి. "ఒక్కసారి తింటే మరచిపోరు" అన్న మాట వేరు. అది కొలిచి చూడగలిగిన విషయం కాదు, అమ్మేవాడి ఉత్సాహమని వినేవారికి తెలుసు. అలాంటి మాటకు అభ్యంతరం లేదు. సమయం చాలక కొత్త స్క్రిప్టులో అది రాలేదు, అంతే. ఒక వాక్యం నిలుస్తుందో లేదో తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఇది: ఆ వాక్యం పక్కన "అవునా, చూపించు" అని రాసి చూడండి. చూపించవలసినది ఉండి, చూపించలేకపోతే వాక్యం మార్చాలి.

7.4 సరిపడని సందేశం

ఇప్పుడు సందేశానికి వద్దాం. చాలామంది రచయితలు పంపే పద్ధతి ఇలా ఉంటుంది:

"నమస్తే సార్. స్క్రిప్టు మార్చవలసి వచ్చింది. మీరు చెప్పిన వాటిలో కొన్ని తప్పులున్నాయి. చట్టప్రకారం ఆ మాటలు వాడకూడదు. పది లక్షల దాకా జరిమానా పడవచ్చు. కొత్త స్క్రిప్టు పంపాను. పరిశీలించి ఈ సాయంత్రంలోగా ఆమోదం తెలుపగలరు."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. మర్యాద తప్పిన మాట కూడా లేదు. అయినా ఇది చదివిన దుకాణదారు నిద్రపోలేడు. ఎందుకో చూద్దాం.

"మార్చవలసి వచ్చింది" అన్న క్రియలో మార్చినవారు కనిపించరు. ఎవరో ఒత్తిడి చేశారేమో, ఏదో ఫిర్యాదు వచ్చిందేమో అన్న అనుమానం కలుగుతుంది. "మార్చాను" అంటే ఆ అనుమానం ఉండదు. బాధ్యత తీసుకున్న మనిషి ఎదురుగా ఉన్నాడని తెలుస్తుంది.

"మీరు చెప్పిన వాటిలో తప్పులు" అన్నప్పుడు తప్పు మనిషి మీద పడింది. ఈ సందేశాన్ని ఆయన ఒక్కరే చదవరు. కొడుక్కో బావమరిదికో చూపిస్తారు. ఇంట్లో అందరికీ చదివి వినిపించిన స్క్రిప్టు తప్పుల కుప్ప అని వారి ముందే తేలడం ఆయనకు చిన్నతనం. వాక్యాన్ని కర్తగా చేసి "ఈ మాట ఏప్రిల్ 15 తరువాత నిలవదు" అంటే అదే విషయం, మనిషి జోలికి పోకుండా చెప్పినట్టవుతుంది.

"పది లక్షలు" అన్న అంకె చూడగానే మిగతాదంతా మరుగున పడిపోతుంది. చట్టం ఒప్పుకోదన్న సంగతి తప్పక చెప్పాలి, దాచకూడదు. కాని ప్రకటన ఇంకా బయటికి వెళ్ళలేదు. ఇప్పుడు ఆయనకు తెలియవలసింది జరిమానా ఎంతన్నది కాదు, తనకు ఇప్పుడు ప్రమాదమేమీ లేదన్నది. ఆయనే అడిగితే అంకె చెప్పవచ్చు. మార్పుకు ఒప్పుకోకపోతే అప్పుడు చెప్పి తీరాలి.

చివరి వాక్యం ఆఫీసు భాష. "ఆమోదం తెలుపగలరు" అన్న మాట నోటీసుల్లో కనిపిస్తుంది. దానికి తోడు, ఆయన దేని గురించి నిర్ణయించాలో చెప్పలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆయన అడగలేక లోపల దాచుకున్న ప్రశ్నకు జవాబు లేదు. ఆ ప్రశ్న: "దీనికి మళ్ళీ డబ్బు అడుగుతారా?"

7.5 సరైన సందేశం

అదే రచయిత రాయదగిన సందేశం ఇది. నెల్లూరు ప్రాంతంలో తనకంటే పెద్దవాడైన దుకాణదారును "అన్నా" అని పిలవడం సహజం కాబట్టి అలాగే మొదలవుతుంది.

"అన్నగారికి నమస్కారం.

మన ప్రకటన కొత్త ప్రతి దీనితో పంపుతున్నాను. అమ్మమ్మ గారి పులుసు, మామిడికాయ, ఎండు నెత్తళ్ళు, పచ్చడి, రావిచెట్టు గుర్తు అన్నీ ఇందులో ఉన్నాయి. మూడు చోట్ల మాటలు మార్చాను. ఎందుకో కింద రాశాను. దీనికి అదనంగా మీరు ఇవ్వవలసింది ఏమీ లేదు, మొదట అనుకున్న దానిలోనే వస్తుంది.

ఒకటి. 'ఈ రోజే పట్టిన వంజరం' అన్న మాట. మన ప్రకటన మే చివరి దాకా వస్తుంది, 15వ తేదీ నుంచి వేట నిషేధం. బోట్లు ఒడ్డున చూసి వచ్చినవాళ్ళు 'మరి ఈ వంజరం ఎక్కడిదన్నా?' అని మిమ్మల్నే అడుగుతారు. ఆ ఇబ్బంది మీకు రాకుండా, ఏ రోజు ఏ చేపో పలక మీద రాసి ఉంటుందని పెట్టాను. ఒక రోజు చెరువు చేప వండినా ఆ మాట నిలుస్తుంది. రాత్రంతా ఊరిన పులుసు అని మీరే నాతో అన్నారు. నాకు అన్నిటికంటే బాగా నచ్చిన మాట అది. దాన్ని ముందుకు తెచ్చాను.

రెండు. గుండె జబ్బు, షుగరు గురించిన మాట. తినే వస్తువుతో జబ్బు రాదని ప్రకటనలో చెప్పడానికి ఆహార నిబంధనలు ఒప్పుకోవు. పెద్ద కంపెనీలకైనా ఇదే నియమం. ప్రకటన ఇంకా ఎక్కడా వినిపించలేదు కాబట్టి మీకు దిగులేమీ అక్కరలేదు.

మూడు. 'నంబర్ వన్'. అడిగితే ఆధారం చూపించాలి. దాని బదులు 'మూడు తరాలుగా' అన్నదాన్నే గట్టిగా చెప్పించాను. అది ఎవరూ కాదనలేనిది.

మీరు చూడవలసినవి రెండు. అమ్మమ్మ గారి మాట మీ మనసుకు నచ్చినట్టు వచ్చిందా? పలక రోజూ రాయడం మీకు కుదురుతుందా? కుదరకపోతే చెప్పండి, ఆ వాక్యం బదులు 'ఏ చేప ఉందో అడిగి తీసుకోండి' అని పెడదాం.

రికార్డింగు శుక్రవారం ఉదయం. గురువారం సాయంత్రానికి ఒక మాట చెప్పండి చాలు. నేను ఫోను చేసి చదివి వినిపించమన్నా వినిపిస్తాను."

ఈ సందేశంలోని క్రమాన్ని గమనించండి. మొదట ఏది పోలేదో చెప్పారు. భయపడిన మనిషి మార్పు అనగానే తనదంతా పోయిందనుకుంటాడు. ఆయన సొంతమైనవి పేరు పేరునా కనిపించాక మిగతాది నిదానంగా చదవగలుగుతాడు. ఆ వెంటనే డబ్బు సంగతి తేల్చేశారు. ఆ తరువాతే కారణాలు. కారణాల్లో కూడా చట్టంతో మొదలుపెట్టలేదు. ఆయనకు తన అనుభవంలోనే తెలిసిన వేట నిషేధంతో మొదలుపెట్టారు. మొదటి కారణాన్ని తనంతట తాను ఒప్పుకున్న మనిషి రెండవదాన్ని వినడానికి సిద్ధంగా ఉంటాడు.

తీసేసిన ప్రతి మాటకూ బదులు ఏం వచ్చిందో, లేక ఎందుకు బదులు లేదో కూడా చెప్పారు. జబ్బుల మాటకు బదులు ఏమీ పెట్టలేదు. దాన్ని మెత్తబరచి "ఆరోగ్యానికి మంచిది" అని పెడితే చాలదా అని మీకు తోచవచ్చు. అప్పుడు కూడా ఆధారం అడిగే అవకాశం ఉంటుంది. ఉప్పు, నూనె ఎక్కువగా ఉండే పచ్చడికీ ఎండు చేపకూ అది మరీ అతకదు. అందుకే వదిలేయడమే సరి.

చివరగా, ఆయన చేతికి నిజమైన నిర్ణయం ఇచ్చారు. పలక రాయడం రోజూ చేయవలసిన పని. అది కుదురుతుందో లేదో రచయితకు తెలియదు, దుకాణదారుకే తెలుసు. ఆ ఒక్క చోట అభిప్రాయం అడగడం వల్ల స్క్రిప్టు మళ్ళీ ఆయనదవుతుంది. జబ్బుల మాట మీద మాత్రం అభిప్రాయం అడగలేదు. మార్చడానికి వీలులేని దాని మీద "మీరేమంటారు?" అనడం మర్యాదలా కనిపిస్తుంది గానీ, కాదనడానికి అవకాశం లేని చోట కాదనమని పిలిచినట్టవుతుంది.

7.6 జవాబును చదవడం

సందేశం పంపాక వచ్చే జవాబును జాగ్రత్తగా చూడాలి. "సరే, పలక మా అబ్బాయి రాస్తాడు" అన్న జవాబు వస్తే ఒప్పుకున్నట్టే. ఎందుకంటే ఆయన కొత్త స్క్రిప్టును తన దుకాణంలో ఊహించుకున్నారు. "మీ ఇష్టం" అని ఒక్క మాట వస్తే అది ఒప్పుకోవడం కాదు. తెలుగులో ఆ మాటకు చాలాసార్లు "నాకు ఇష్టం లేదు, కాని వాదించలేను" అని అర్థం. నమస్కారం బొమ్మ ఒక్కటే వచ్చినా అంతే. అలాంటప్పుడు మళ్ళీ రాయకూడదు, ఫోను చేయాలి. "ఏ మాట పోయినందుకు వెలితిగా ఉందన్నా?" అని ఒక్క ప్రశ్న అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. మన ఉదాహరణలో "ఒక్కసారి తింటే మరచిపోరు" అన్న వాక్యం పోయిందన్నదే ఆయన బాధ కావచ్చు. దానికి అభ్యంతరం లేదు కాబట్టి, "చూసి అడగండి" అన్న రెండు మాటలు తగ్గించి దాన్ని చేర్చవచ్చు.

ఆయన జబ్బుల మాట ఉండి తీరాలంటే? కారణం ఇంకొక్కసారి చెప్పాలి. జరిమానా సంగతి ఇప్పుడు చెప్పాలి. అప్పటికీ కాదంటే ఆ వాక్యంతో స్క్రిప్టు ఇవ్వలేనని మర్యాదగా, స్పష్టంగా రాయాలి. మర్యాదకు ఉన్న హద్దు అది.

ఒప్పందం కుదిరాక చివరి ప్రతిని విడిగా, వేరే మాట ఏదీ చేర్చకుండా పంపి, "రికార్డింగుకు ఇదే" అని ఇద్దరూ ఖాయం చేసుకోవాలి. దాన్నే గొంతు ఇచ్చేవారికి పంపాలి. పాత, కొత్త ప్రతులు రెండూ ఒకే సంభాషణలో ఉంటే గొంతు ఇచ్చేవారు పాతదాన్నే చదివేసే అవకాశం ఉంది.

7.7 సారాంశం

స్క్రిప్టు మార్పును వివరించే సందేశంలో మొదట నిలిచినవి, తరువాత ఖర్చు సంగతి, ఆ తరువాత మార్పులూ వాటి కారణాలూ, చివర దుకాణదారు తేల్చవలసిన విషయం, గడువు వస్తాయి. కారణం దుకాణదారుకు తెలిసిన లోకంలో నుంచి మొదలుకావాలి. లోపం మనిషిది కాక వాక్యానిది కావాలి. చట్టాన్ని దాచకూడదు, దానితో బెదిరించకూడదు. జవాబులో ఒప్పుకోలు కనపడకపోతే ఫోను చేసి మాట్లాడాలి.

7.8 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. "మార్చవలసి వచ్చింది", "మార్చాను" అన్న రెండు ప్రయోగాల మధ్య తేడా ఏమిటి? ఆందోళనలో ఉన్న పాఠకుడి మీద ఒక్కొక్కటి ఎలా పనిచేస్తుంది?
2. ఈ కింది వాక్యాలలో దేనికి ఆధారం చూపించవలసి ఉంటుంది? ఎందుకు? (అ) "మా పచ్చడి లేకపోతే ముద్ద దిగదు." (ఆ) "మా పచ్చడి ఆరు నెలలు చెడిపోదు."
3. ఇదే దుకాణానికి ప్రకటన జూలైలో వస్తుందనుకోండి. మూడు మార్పులలో దేనికి కారణం మారుతుంది? ఆ భాగానికి సందేశాన్ని తిరిగి రాయండి.
4. మీ ఊరిలోని ఒక దుకాణం ప్రకటనను విని, అందులో నిలవని వాక్యం ఒకటి గుర్తించి, దాన్ని మార్చినట్టు యజమానికి వంద మాటలలో సందేశం రాయండి. రాశాక, ఆయన దాన్ని ఇంట్లో వాళ్ళకు చూపిస్తున్నట్టు ఊహించుకొని మరొకసారి చదవండి.